ఒకే బావి, రెండు పంటలు: వరికి నీళ్లు ఎప్పుడు పెట్టాలో గొట్టం చూసి తెలుసుకుందాం



ఈసారి పురుగుల గురించి కాదు, నీళ్ల గురించి రాస్తున్నాం. అదీ వరి నీళ్ల గురించి. పట్టు రైతులకు వరి గోల ఎందుకు అని కొందరు అనుకోవచ్చు. కానీ మనలో చాలామందికి మల్బరీ తోట ఒక పక్క, వరి మడి ఇంకో పక్క, రెండింటికీ నడుమ ఒకే బావి. బావిలో నీళ్లు బాగా ఉన్నన్నాళ్లు రెండు పంటలకీ తగాదా లేదు. నీళ్లు దిగినప్పుడే తెలుస్తుంది, ఎవరి వాటా ఎవరు తాగుతున్నారో.

మా వైపు ఈ తగాదా ఏటా ఒకే కాలంలో వస్తుంది. పడమటి కనుమల కింద ఉన్న ఊరు మాది. మాకు పెద్ద వాన ఈశాన్య రుతుపవనంలోనే, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కణ్మాయిలు, అంటే మీరు చెరువులు అనేవి, అప్పుడే నిండుతాయి. ఆ వానను నమ్ముకుని సాంబా వరి నాటుతాం. సంక్రాంతి వచ్చేసరికి వాన అయిపోయి ఉంటుంది, ఎండ మెల్లగా ఎక్కుతుంది, బావి మట్టం రోజురోజుకీ దిగుతుంది. సరిగ్గా అప్పుడే వరి పొట్టకు వస్తుంది. అప్పుడే మన షెడ్డులో ఒక బ్యాచ్ నాలుగో జ్వరం లేచి ఐదో దశలోకి దిగిందనుకోండి. పురుగు తన జీవితం మొత్తం మీద తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆ ఒక్క దశలోనే తింటుంది. తోటకు తడి అందక ఆకు ముదిరి, తేమ తగ్గితే పురుగు సరిగ్గా తినదు, గూడు పల్చబడుతుంది. మార్కెట్లో ఆ పల్చదనానికే ధర పడిపోతుంది.

అందుకని వరి పంటకు ఏమీ నష్టం రాకుండా వరి నీళ్లు కొంత తగ్గించగలిగితే, ఆ మిగులు నేరుగా మల్బరీ మొదట్లోకి పోతుంది. దానికి పరీక్షించి చూసిన పద్ధతి ఒకటి ఉంది. తడి–పొడి పద్ధతి అంటారు. కొందరు అధికారులు ఇంగ్లీషు పొడి అక్షరాలతో ఏడబ్ల్యూడీ అంటారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీన్ని చిన్న రైతుల చేతికి తెచ్చింది. మా తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా పొలంలో గొట్టం పెట్టి నీళ్లు కట్టమని చెబుతోంది. ఇది శ్రీ వరి సాగు కాదు. శ్రీలో లేత నారు, ఒక్కొక్క మొక్క, దూరం దూరం నాటడం, వీడరు తిప్పడం అన్నీ కలిసి ఉంటాయి. ఇక్కడ నారు, నాటు, రకం అన్నీ మీ ఇష్టం. మారేది నీళ్లు పెట్టే వేళ ఒక్కటే.

*నిలవ నీరు ఎటు పోతుంది?*

వరి నీటిలో బతకగలదు, కానీ ఎప్పుడూ నీటిలోనే ఉండాలని లేదు. మనం మడిలో నీళ్లు నిలబెట్టేది ముఖ్యంగా రెండు పనులకు. ఒకటి కలుపు లేవకుండా. రెండోది, మళ్లీ నీళ్లు ఎప్పుడు దొరుకుతాయో తెలియదు కాబట్టి ముందుగా దాచుకోవడం. ఈ రెండోదే బావి రైతుకు ఖరీదైన అలవాటు.

మడిలో పెట్టిన నీరు మూడు దారుల్లో పోతుంది. కొంత మొక్క తాగి ఆకుల ద్వారా వదులుతుంది, ఎండకు ఆవిరి అవుతుంది. దీన్ని మనం పెద్దగా తగ్గించలేం, తగ్గిస్తే పంటే తగ్గుతుంది. రెండోది, నేల కిందికి ఇంకిపోతుంది. మూడోది, గట్లలోంచి, ఎండ్రకాయ బొరియల్లోంచి పక్కకు కారిపోతుంది. ఈ చివరి రెండూ మడిలో నీరు ఎంత లోతు నిలిస్తే అంత వేగంగా జరుగుతాయి. పైన బరువు ఎక్కువైతే కిందికి తోపు ఎక్కువ. నీరు నేల మట్టానికి దిగిపోతే గట్టు కారడం దాదాపు ఆగిపోతుంది, ఇంకడం బాగా తగ్గుతుంది. మొక్క మాత్రం మట్టిలో ఉన్న తేమను మామూలుగానే తాగుతూ ఉంటుంది. ఈ పద్ధతిలో మిగిలే నీరంతా ఇక్కడే మిగులుతుంది, మొక్క నోటి దగ్గర కాదు.

దీన్నిబట్టి ఒక సంగతి అర్థం చేసుకోవాలి. ఎక్కువ ఇంకే నేల ఉన్నవాళ్లకు మిగులు ఎక్కువ. చాలా గట్టి బంకనేల, గట్లు బాగా మెత్తినవాళ్లకు మిగులు తక్కువ, ఎందుకంటే వాళ్లు ముందే పెద్దగా పోగొట్టుకోవడం లేదు. అందరికీ ఒకే శాతం చెప్పేవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

*గొట్టం చేసుకోవడం*

నేల పైకి పొడిగా కనిపించినా కింద నీరు ఎక్కడుందో కంటితో తెలియదు. అది చూడడానికే గొట్టం. నాలుగు అంగుళాల పీవీసీ పైపు ముక్క, ఒక అడుగు పొడవు, అంటే 30 సెంటీమీటర్లు, చాలు. ఇంట్లో బోరు వేసినప్పుడు మిగిలిన ముక్క ఉన్నా సరే. వెదురు బొంగు కూడా పనికొస్తుంది. మరీ సన్నని పైపు వద్దు, లోపలికి చూడలేం, మట్టి తీయలేం.

పైపు కింది 20 సెంటీమీటర్ల భాగానికి చుట్టూ రంధ్రాలు పెట్టాలి. రంధ్రం అర సెంటీమీటరు వెడల్పు, రంధ్రానికీ రంధ్రానికీ రెండు సెంటీమీటర్ల దూరం. డ్రిల్లు లేకపోతే కాల్చిన ఇనుప కడ్డీతో పొడవవచ్చు. పై 10 సెంటీమీటర్లకు రంధ్రాలు వద్దు, అది నేల పైన ఉండే భాగం.

నాటు అయ్యాక మడి మెత్తగా ఉన్నప్పుడే పాతాలి. రంధ్రాలున్న 20 సెంటీమీటర్లు మట్టిలోకి దిగాలి, 10 సెంటీమీటర్లు పైన కనిపించాలి. దమ్ము చేసిన మట్టి కింద ఒక గట్టిపొర ఉంటుంది, నాగలి దిగని పొర. గొట్టం దాన్ని చీల్చుకుని పోకూడదు. చీలిస్తే గొట్టంలో కనిపించేది మడి నీటి మట్టం కాదు. 20 సెంటీమీటర్లు దిగకముందే గట్టిగా తగిలితే అక్కడితో ఆపండి. పాతిన తరువాత గొట్టం లోపలి మట్టిని చేత్తో తీసేసి అడుగు కనిపించేలా చేయాలి. ఈ పని మరిచిపోతే గొట్టం ఉన్నా లేనట్టే.

ఎక్కడ పాతాలి అన్నది కూడా ముఖ్యమే. గట్టుకు ఆనుకుని వద్దు, అక్కడ నీరు పక్కకు కారుతుంది కాబట్టి మట్టం తక్కువ చూపిస్తుంది. నీరు దిగే మూతి దగ్గరా వద్దు. గట్టు మీద నుంచి నాలుగు అడుగులు వేస్తే చేరేంత దూరంలో, మడి మొత్తానికి సగటుగా ఉండే చోట పాతండి. మడిలో ఒక మూల ఎత్తుగా, ఒక మూల పల్లంగా ఉంటే ముందు చదును చేసుకోవాల్సిందే. లేకపోతే పల్లంలో గొట్టం బాగుందని చెబుతుంటే ఎత్తులో మొక్క ఎండుతుంది.

గొట్టం సరిగ్గా పనిచేస్తోందా అని మొదటి తడిలోనే తెలుసుకోవచ్చు. మడిలో నీరు నిలిచి ఉన్నప్పుడు గొట్టం లోపల, బయట మట్టం ఒకటే ఉండాలి. కొన్ని గంటలు గడిచినా లోపల తక్కువగా ఉంటే రంధ్రాలు బురదతో మూసుకున్నాయి. పీకి కడిగి మళ్లీ పాతండి.

*చూసేది ఎలా, పెట్టేది ఎప్పుడు?*

ఒక సన్నని పుల్ల తీసుకోండి. ఒక కొన నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర రంగుతో గీత గీయండి. గొట్టం పై అంచు నుంచి నేల దాకా 10, నేల నుంచి కిందికి 15, మొత్తం 25. పుల్లను గొట్టంలోకి దించి, గీత పై అంచుకు సరిగ్గా వచ్చినప్పుడు ఆపి చూడండి. పుల్ల కొనకు నీరు తగిలితే ఇంకా ఆగవచ్చు. నీరు తగలకుండా కిందనే ఉంటే నీళ్లు పెట్టే వేళ అయింది. అప్పుడు మడిలో 5 సెంటీమీటర్లు, అంటే రెండు అంగుళాలు నిలిచేలా పెట్టి మోటారు ఆపేయాలి. మళ్లీ గీత దాకా దిగేంతవరకు పెట్టకూడదు.

15 సెంటీమీటర్లు అన్న హద్దు ఊరికే పెట్టింది కాదు. నీటి మట్టం అంత దిగినా వరి వేళ్లు ఉండే మట్టి ఇంకా తడిగానే ఉంటుంది, వేళ్లు కింది నీటిని అందుకుంటాయి. అందుకే దీన్ని భద్రమైన హద్దు అంటారు. ఆ హద్దు దాటితే సంగతి వేరు. 2017లో శాస్త్రవేత్తలు వేరువేరు దేశాల్లో జరిగిన 56 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్క తీశారు. మెల్లగా ఆరబెట్టినచోట, అంటే మట్టం 15 సెంటీమీటర్ల కంటే కిందికి పోనిచోట, దిగుబడి చెప్పుకోదగ్గంత తగ్గలేదు, నీరు మాత్రం సుమారు 23 శాతం మిగిలింది. ఇంకా ఎక్కువ ఆరబెట్టినచోట నీరు సుమారు 33 శాతం మిగిలింది కానీ, దిగుబడి కూడా దాదాపు 23 శాతం పోయింది. ఇంకో పది శాతం నీటి కోసం నాలుగో వంతు వడ్లు పోగొట్టుకోవడం ఎవరికీ కిట్టదు.

హద్దు దాటిందని మొక్క కూడా చెబుతుంది. మధ్యాహ్నం ఆకు చుట్ట చుట్టుకుంటుంది. సాయంత్రం చల్లబడినా విప్పుకోకపోతే ఆలస్యం అయినట్టే. మా వైపు నల్లరేగడి ఉన్నవాళ్లు ఇంకో గుర్తు చూసుకోవాలి. వెంట్రుక వాసి పగుళ్లు పరవాలేదు. వేలు దూరే పగుళ్లు వచ్చాయంటే మాత్రం, తరువాత పెట్టిన నీరు మడిలో పరుచుకోకుండా పగుళ్లలోంచి నేరుగా కిందికి పోతుంది. మిగుల్చుకున్నదంతా ఒక్క తడిలో పోతుంది. నల్లరేగడిలో పగులు పెద్దది కాబోతోందంటే గొట్టం ఇంకా గీత దాకా రాకున్నా నీళ్లు పెట్టేయండి.

*పంట కాలంలో ఎప్పుడు ఆరబెట్టాలి, ఎప్పుడు ఆరబెట్టకూడదు?*

ఆంధ్రా పొన్నిని ఉదాహరణగా తీసుకుందాం. మా తమిళనాడులో ఆంధ్రా పొన్ని అనేది మీ బాపట్ల సాంబ మసూరే, బీపీటీ 5204. విత్తు నుంచి కోత దాకా సుమారు 145 రోజులు. అక్టోబరు మొదట్లో నారు పోసి, నెలాఖరులో నాటామనుకుందాం.

నాటిన మొదటి రెండు వారాలు నీరు నిలవ ఉండాలి. మొక్క నిలదొక్కుకోవాలి, కలుపు లేవకూడదు. కలుపు బలంగా ఉండే మడి అయితే ఇంకో వారం ఆగండి. తరువాత నవంబరు మధ్య నుంచి గొట్టం చూడడం మొదలు. నిజం చెప్పాలంటే వాన పడుతున్న నవంబరులో మడి ఆరేది తక్కువ. అప్పుడు గొట్టం చేసే మేలు వేరు. పైన ఆరినట్టు కనిపించగానే మోటారు వేసే చేతిని ఆపుతుంది. ఇంకా 15 సెంటీమీటర్ల జాగా ఉందని తెలిస్తే మబ్బు చూసి ఒకటి రెండు రోజులు ఆగవచ్చు. ఖాళీగా ఉన్న మడి వాననీటిని పట్టుకుంటుంది, నిండుగా ఉన్న మడిలో పడిన వాన గట్టు దాటి పోతుంది.

అసలు లాభం డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా. వాన తగ్గింది, మొక్క పిలకలు పూర్తి చేసి చిరుపొట్ట కడుతోంది, బావి ఇంకా పూర్తిగా దిగలేదు. ఈ నెలలో జాగ్రత్తగా గొట్టం చూసి పెడితే బావిలో నీరు తరువాతి కాలానికి నిలుస్తుంది.

ఆ తరువాత ఒక విరామం ఉంది, దాన్ని ఎవరూ తప్పకూడదు. ఈనడానికి వారం ముందు నుంచి పూత అయిన వారం దాకా మడిలో 5 సెంటీమీటర్ల నీరు నిలిచే ఉండాలి. పూత సమయంలో మొక్కకు దాహం వేస్తే గింజ కట్టదు, తాలు ఎక్కువవుతుంది. అది తరువాత ఎన్ని నీళ్లు పెట్టినా సరిదిద్దలేని నష్టం. మన రకానికి పూత కోతకు సుమారు నెల ముందు వస్తుంది, అంటే జనవరి ఆఖరు. తారీఖు కంటే మొక్కనే చూడండి. పొట్ట ఉబ్బి, జెండా ఆకు తొడుగు లావెక్కితే ఇక ఆరబెట్టడం ఆపండి.

పూత అయిన వారం తరువాత, గింజ పాలు పోసుకునేటప్పుడు మళ్లీ గొట్టం చూసి తడి–పొడి చేయవచ్చు. కోతకు పది పదిహేను రోజుల ముందు నీళ్లు పూర్తిగా ఆపుతాం, అది ఎప్పుడూ చేసేదే.

*ఒక ఎకరం లెక్క*

మాటలకంటే లెక్క మేలు. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు నీరు అంటే సుమారు 40,000 లీటర్లు. 5 సెంటీమీటర్లు అంటే రెండు లక్షల లీటర్లు. మీ మోటారు సెకనుకు 5 లీటర్లు పోస్తే గంటకు 18,000 లీటర్లు. మీ మోటారు ఎంత పోస్తుందో తెలియకపోతే 200 లీటర్ల డ్రమ్ము కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 40 సెకన్లు పడితే సెకనుకు 5 లీటర్లు.

వానలేని ఒక ఎనిమిది రోజులు తీసుకుందాం. కొంచెం ఇంకే నేల అనుకుందాం. మొక్క, ఎండ కలిసి రోజుకు 5 మిల్లీమీటర్లు తీసుకుంటాయి. ఎప్పుడూ నిండుగా నీరు నిలిపే మడిలో ఇంకడం, కారడం కలిసి రోజుకు 7 మిల్లీమీటర్లు అనుకుందాం. రోజుకు మొత్తం 12, ఎనిమిది రోజులకు 96 మిల్లీమీటర్లు.

తడి–పొడి మడిలో 5 సెంటీమీటర్లు పెట్టాం. నీరు తక్కువ లోతు కాబట్టి ఇంకడం రోజుకు 5 మిల్లీమీటర్లు. మొక్క వాటాతో కలిసి 10. ఐదు రోజుల్లో నీరు నేల మట్టానికి వచ్చింది. ఆ తరువాత మూడు రోజులు మొక్కకు 5, ఇంకడం 2, రోజుకు 7 చొప్పున 21 మిల్లీమీటర్లు మట్టిలోంచి పోయింది. గొట్టంలో మట్టం గీతకు చేరింది. మట్టిలో ఎక్కువ భాగం మట్టే, నీళ్లు వదిలే సందులు కొంచెమే. అందుకే రెండు సెంటీమీటర్ల నీరు పోయినా మట్టం 15 సెంటీమీటర్లు దిగుతుంది. ఎనిమిది రోజులకు మొత్తం 71 మిల్లీమీటర్లు.

తేడా 25 మిల్లీమీటర్లు. ఎకరానికి లక్ష లీటర్లు. మన మోటారుకు సుమారు ఐదున్నర గంటలు. మల్బరీకి బోదెల్లో ఒకసారి నీళ్లు కడితే ఎకరానికి సుమారు ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు పడుతుంది. అంగుళం నీరు కూడా ఎకరానికి లక్ష లీటర్లే. అంటే ఎకరం వరిలో రెండు విడతల మిగులు ఎకరం మల్బరీకి ఒక పూర్తి తడి. డ్రిప్ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ రోజులు వస్తుంది. ఐదో దశలో ఆకు కోసే ముందు వారంలో ఆ ఒక్క తడి ఉందా లేదా అన్నదే చాలాసార్లు గూడు బరువును తేలుస్తుంది.

ఈ లెక్కలోంచే ఇంకో సంగతి బయటపడుతుంది. ఆరిన మడిని మళ్లీ నింపాలంటే మట్టికి 21, పైన నిలవడానికి 50, మొత్తం 71 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 2,87,000 లీటర్లు. 16 గంటల మోటారు. త్రీ ఫేజ్ కరెంటు రోజుకు కొన్ని గంటలే వచ్చేచోట ఇది రెండు మూడు రోజుల పని. కరెంటు రోజూ ఎంతసేపు ఉంటుందో చూసుకుని, గొట్టంలో నీరు 10 సెంటీమీటర్లు దిగినప్పుడే మోటారు వేయడం మొదలుపెట్టాలి. 15 దాకా ఆగితే చివరి మడికి నీరు చేరేసరికి అది 20 దాటి ఉంటుంది.

మీ నేలలో ఐదు, మూడు రోజులే పడుతుందని కాదు. మా దగ్గరే ఎర్రమట్టి కలిసిన మడి, నల్లమట్టి మడి పక్కపక్కనే ఉన్నా ఒకటి ముందు ఆరుతుంది. అందుకే రోజులు లెక్కపెట్టకుండా గొట్టం చూడమంటున్నాం.

*కరెంటు ఉచితమైనప్పుడు ఏం మిగిలినట్టు?*

మా తమిళనాడులో సేద్యం మోటారుకు కరెంటు ఉచితం. ఆంధ్రాలో, తెలంగాణలో కూడా అంతే. కాబట్టి బిల్లు తగ్గుతుందని చెప్పడం లేదు. డీజిలు ఇంజన్ వాడేవాళ్లకు డబ్బు చేతికి కనిపిస్తుంది, మనకు కనిపించేది గంటలు. వచ్చే కొద్ది గంటల కరెంటులో వరికి పోయే వంతు తగ్గితే మల్బరీకి వంతు వస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మడిలో ఇంకిన నీరంతా వృథా కాదు. మడి పక్కనే బావి ఉంటే అందులో కొంత మళ్లీ ఊటగా బావిలోకే వస్తుంది. ఆ మేరకు మనం మిగిల్చినది కొత్త నీరు కాదు, ఒకే నీటిని రెండుసార్లు తోడే శ్రమ తప్పినట్టు. గట్టు దాటి వేరే వైపు పోయిన నీరు, పక్క చేలోకి కారిన నీరు మాత్రం నిజంగా మిగిలినదే.

*యూరియా, కలుపు, గట్లు*

మడి తడిసి ఆరి తడిసినప్పుడు యూరియాలోని నత్రజని ఎక్కువగా గాలిలోకి పోయే ప్రమాదం ఉంది. అందుకని పైపాటు యూరియాను, మడి ఆరి నీళ్లు పెట్టబోయే ముందు చల్లి, వెంటనే నీళ్లు పెట్టాలి. నీటితో పాటు ఎరువు వేళ్ల దగ్గరికి దిగుతుంది. చల్లిన తరువాత రోజుల తరబడి ఆరబెట్టవద్దు. నీటి మీద చల్లి ఆరబెట్టడం అన్నిటికంటే నష్టం.

నీరు నిలవని మడిలో కలుపు ఎక్కువ లేస్తుంది. మొదటి రెండు మూడు వారాలు కలుపు అదుపులో ఉంటే తరువాత వరి కమ్ముకుని దాన్ని అణుస్తుంది. కలుపు మందు కొట్టాల్సి వస్తే మన సంగతి మరిచిపోవద్దు. వరి మీద కొట్టిన ఏ మందైనా గాలికి మల్బరీ ఆకు మీద పడితే పురుగులకు చేటు. గాలి తోటవైపు వీచే రోజు కొట్టకండి, తోటవైపు వరసలు చేత్తో తీయించండి.

మడి ఆరినప్పుడు ఎలుకలకు గట్టు తవ్వడం తేలిక. పుల్లతో గొట్టం చూడడానికి వెళ్లినప్పుడే గట్టు చుట్టూ ఒకసారి నడిచి బొరియలు మూయండి. ఒక్క బొరియ రాత్రంతా కారితే వారం మిగులు పోతుంది.

*ఎక్కడ పనికిరాదు?*

ఈ పద్ధతికి ఒక షరతు ఉంది. అడిగినప్పుడు నీళ్లు దొరకాలి. గొట్టం గీతకు వచ్చిన రోజు నీళ్లు పెట్టలేకపోతే అది తడి–పొడి కాదు, కరువే. సొంత బావి, బోరు ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు. కణ్మాయి మడుగు కింద, కాలువ కింద వంతు నీళ్లతో సాగు చేసేవాళ్లకు ఉంది. వంతు పది రోజులకోసారి అయితే, ఈసారి వదిలేద్దాం అని ఏ రైతూ అనడు, అనకూడదు కూడా.

ఫిలిప్పీన్స్‌లో జరిగింది ఇదే నేర్పుతుంది. అక్కడ టార్లాక్ ప్రాంతంలో 2000 తరువాతి సంవత్సరాల్లో బోరు మోటార్ల కింద రైతులకు ముందుగా ఈ గొట్టం చూపించారు. వాళ్లు త్వరగానే పట్టుకున్నారు, ఎందుకంటే మోటారు తిరిగిన ప్రతి గంటకూ ఖర్చు వాళ్లదే. కాలువ కింద పొలాల్లో మాత్రం ఒక్కొక్క రైతుకు చెప్పి లాభం లేకపోయింది. బోహోల్ దీవిలో ఆనకట్ట నీటిని విడతల వారీగా, కాలువ మొత్తానికి ఒకే పట్టిక పెట్టి వదిలినప్పుడే చివరి ఆయకట్టుదాకా నీరు పోయింది. కాబట్టి కణ్మాయి కింద ఉన్నవాళ్లు ఒక్కరే గొట్టం పాతుకుంటే చాలదు. ఆ మడుగు కింద రైతులంతా కూర్చుని విడతలు మాట్లాడుకోవాలి. కణ్మాయితో పాటు బావి కూడా ఉన్నవాళ్లు, మడుగు నీరు ఉన్నన్నాళ్లు వంతు ప్రకారం వాడుకుని, మడుగు అడుగంటాక బావి నీటితో ఈ పద్ధతి మొదలుపెట్టవచ్చు.

చౌడు నేలలో కూడా వద్దు. నీరు నిలిచినప్పుడు ఉప్పు కిందికి దిగి ఉంటుంది, ఆరబెడితే మళ్లీ వేళ్ల దగ్గరికి లేస్తుంది. ఇసుక నేలలో నీరు ఒక్క రోజులోనే గీత దాటుతుంది, గొట్టం చూసే వ్యవధి కూడా ఉండదు.

*మీథేన్ మాట*

ఈ మధ్య కొన్ని కంపెనీలు ఊళ్లకు వచ్చి, తడి–పొడి చేస్తే కార్బన్ డబ్బు ఇస్తామంటున్నాయి. దాని వెనక ఉన్న సంగతి నిజమే. గాలి అందని బురదలో సూక్ష్మజీవులు మీథేన్ అనే వాయువు పుట్టిస్తాయి, మడి ఆరి గాలి చొరబడితే అది ఆగుతుంది. పంట కాలంలో పలుమార్లు ఆరబెడితే మీథేన్ సుమారు సగానికి తగ్గుతుందని అంతర్జాతీయ లెక్కల్లో తీసుకుంటారు. యూరియా తప్పు వేళలో పడితే వేరే వాయువు కొంత పెరుగుతుంది కూడా. ఎవరైనా కాగితం తెస్తే ఎన్నేళ్లకు సంతకం, ఎకరానికి ఎంత, ఎప్పుడు ఇస్తారు, గొట్టం ఫొటోలు ఎవరు తీయాలి అన్నవి తెలుగులోనో తమిళంలోనో రాసి ఇమ్మనండి. ఆ డబ్బు వస్తే మంచిదే, కానీ మన లెక్క దాని మీద నిలబడకూడదు. మన లెక్క ఐదున్నర గంటల మోటారు మీద ఉంది.

*ఈ సాంబాకు*

మొత్తం పొలం ఒకేసారి మార్చనక్కర్లేదు. బావికి దగ్గరగా ఉన్న ఒక మడిలో గొట్టం పాతి, పక్క మడిని ఎప్పటిలాగే ఉంచండి. ఒక నోటు పుస్తకంలో మూడు వరసలు రాయండి: తారీఖు, గొట్టంలో మట్టం, మోటారు తిరిగిన గంటలు. కోతనాడు రెండు మడుల వడ్లు వేరువేరుగా తూకం వేయండి. మీ నేల రకం, ఒక విడతకు పట్టిన రోజులు, రెండు మడుల గంటల తేడా ఈ గ్రూపులో పెట్టండి. పలమనేరులో, హిందూపురంలో, హోసూరులో, మా రాజపాళయంలో నేలలు వేరు. వచ్చిన లెక్కలు కలిపి, ఏ నేలకు ఎన్ని రోజులు వచ్చాయో వేసవి సంచికలో రాస్తాం.